నడుం పక్కన గుండ్రటి మచ్చ: తామరా, ఎగ్జిమానా? ఫోటో చూసి చెప్పగలరా

గుంటగట్టు_ఇల్లాలు (ఇందుకూరుపేట) · ఆదివారం, ఉదయం 9:40

అందరికీ నమస్కారం. మా ఆయన రొయ్యల గుంటల మీద పని చేస్తారు. నెల కిందట నడుముకు కుడి పక్కన, లుంగీ ముడి పడే చోట, రూపాయి బిళ్ళంత ఎర్రమచ్చ లేచింది. ఇప్పుడు అది పెరిగి నా అరచేతిలో సగం అయ్యింది. ఎడమ కాలి పిక్క మీద ఇంకోటి ఉంది, అది చాన్నాళ్ళుగా వస్తూ పోతూ ఉండేదే. రెండూ రాత్రిపూట విపరీతంగా దురద.

ఫోటోలు రెండు పెట్టాను. మొదటిది నడుం దగ్గరది. మధ్యలో చర్మం కాస్త మామూలు రంగుకు వచ్చింది, చుట్టూ గీత గీసినట్టు అంచు ఉంది. రెండోది కాలిది. దానికి అంచూ మధ్యా అని తేడా ఏమీ లేదు, మొత్తం పొక్కుకట్టి ఉంది, గోకితే నీరు కారుతుంది.

మందుల షాపాయన ఒకటి తామర, ఒకటి ఎగ్జిమా అన్నాడు. మా ఆడబిడ్డేమో రెండూ తామరే, ఒకచోట గోకి ఇంకోచోట గోకితే అంటుకుందంటోంది. ఒకే మనిషికి రెండు రకాలూ ఒకేసారి వస్తాయా? ఫోటో చూసి ఎవరైనా తెలిసినవాళ్ళు చెప్పండి, ఇంట్లో పిల్లలున్నారని టెన్షన్‌గా ఉంది.

వేపచెట్టు_కింద (ఉదయగిరి) · ఆదివారం, ఉదయం 10:15

అమ్మా, ఇందులో అనుమానం ఏముంది. గుండ్రంగా ఉందంటే తామరే. నడుం దగ్గరది చూడగానే చెప్పొచ్చు. మధ్యలో మానుతోంది కాబట్టి తగ్గుముఖం పట్టినట్టే. వెల్లుల్లి నూరి రెండు పూటలా పట్టు వేయండి, పది రోజుల్లో అంచు కూడా పోతుంది. కాలిది కూడా గుండ్రంగానే ఉంది, దానికీ అదే వేయండి.

చీమకుర్తి_రాయి · ఆదివారం, ఉదయం 10:50

నాకూ అచ్చం నడుం దగ్గరే వచ్చిందండీ. క్వారీలో చెమటకు బెల్టు బకిల్ ఒరుసుకుని బొడ్డు కింద నల్లగా మందంగా తయారైంది. డాక్టరు చూసి బకిల్‌లో ఉండే నికెల్ పడట్లేదన్నాడు. బకిల్ లోపలి వైపు గుడ్డ కుట్టించుకున్నాను, పోయింది. మీ ఆయన్ని బెల్టు మార్చమనండి.

గుంటగట్టు_ఇల్లాలు · ఆదివారం, ఉదయం 11:05

అన్నా, ఆయన బెల్టు పెట్టుకోరు. గుంటల మీద లుంగీయే.

తోలు_డాక్టరు (ఒంగోలు) · ఆదివారం, మధ్యాహ్నం 2:30

అమ్మా, ఫోటోలు చూశాను. నిర్ధారణ ఫోటోతో కాదని ముందే చెప్తాను, కానీ మీ ఫోటోలో చదవగలిగింది చాలా ఉంది.

ముందు వెల్లుల్లి మాట. పచ్చి వెల్లుల్లి నూరి పట్టు వేస్తే చర్మం కాలి బొబ్బలెక్కుతుంది. అలా కాలినవాళ్ళు మా దగ్గరికి వస్తూనే ఉంటారు. దయచేసి వేయకండి, కాలి మీద నీరు కారే చోట అసలే వద్దు.

ఇక ఫోటో. మొదటి దాంట్లో మచ్చ మీద జిడ్డు మెరుస్తోంది. ఏదో రాసిన తర్వాత తీశారు, పైగా ఫ్లాష్ వేశారు. ఈ రెండూ కలిస్తే మనకు కావలసిన పొట్టే కనపడకుండా పోతుంది. నూనె గానీ క్రీము గానీ తగిలిందంటే తెల్లటి పొట్టు చర్మానికి అతుక్కుపోయి, లేనట్టే కనపడుతుంది. ఎదురుగా ఫ్లాష్ కొడితే ఉబ్బెత్తు చదునైపోతుంది. అంచు లేచిందా లేదా అన్నది దాని పక్కన పడే సన్నటి నీడ చూసి తెలుసుకుంటాం, ఫ్లాష్ ఆ నీడను తినేస్తుంది.

అందుకని రేపు ఉదయం స్నానం చేసి తుడుచుకున్నాక, ఏమీ రాయకుండా, కిటికీ పక్కన నిలబెట్టి తీయండి. వెలుతురు పక్కనుంచి పడాలి. ఒకటి మూరెడు దూరం నుంచి, మొత్తం నడుం కనపడేట్టు. ఇంకోటి దగ్గర్నుంచి, మచ్చ మొత్తం కాదు, అంచు మాత్రమే. పక్కన ఒక నాణెం పెట్టండి, కొలత తెలుస్తుంది. వెనక వైపూ, తొడల సందూ కూడా ఒకసారి చూడండి, అక్కడ ఉన్నా మగవాళ్ళు చెప్పరు.

ఇంకో ప్రశ్న. ఇప్పటిదాకా ఏం రాశారు? ట్యూబు మీద ఉన్న మందుల పేర్లు అన్నీ రాయండి. కంపెనీ పేరు అవసరం లేదు.

గుంటగట్టు_ఇల్లాలు · ఆదివారం, సాయంత్రం 6:20

డాక్టరుగారూ, ట్యూబు వెనక నాలుగు పేర్లున్నాయి: క్లోబెటసాల్, ఓఫ్లాక్సాసిన్, ఆర్నిడజోల్, టెర్బినఫిన్. చీటీ లేకుండానే షాపులో ఇచ్చారు. రాసిన రెండో రోజుకే దురద పోయింది, ఎరుపు కూడా తగ్గింది. తగ్గిందని ఆపేశాం. వారం తిరక్కుండా మళ్ళీ లేచింది, ఈసారి ఇంకొంచెం పెద్దగా. మళ్ళీ రాశాం, మళ్ళీ తగ్గింది. అలా మూడు ట్యూబులయ్యాయి. కాలికీ అదే రాస్తున్నారు.

తగ్గుతోంది కదా, మందు సరైనదే అనుకుంటున్నాం.

తోలు_డాక్టరు · ఆదివారం, రాత్రి 9:10

కథంతా ఆ మొదటి పేరులోనే ఉందమ్మా. క్లోబెటసాల్ అంటే పైన రాసుకునే స్టెరాయిడ్లలో అన్నిటికంటే ఘాటైన కోవకు చెందింది. దురద, ఎరుపు మన ఒంటి ప్రతిఘటన వల్ల వచ్చేవి. స్టెరాయిడ్ ఆ ప్రతిఘటననే నొక్కేస్తుంది. ఫంగస్ చావదు, దాన్ని అడ్డుకునేవాడు నిద్రపోతాడు. అదే ట్యూబులో ఫంగస్ మందు కూడా ఉంది కదా అంటారు. రెండు రోజులు రాసి ఆపితే ఫంగస్ మందు పని మొదలైనా కాదు, స్టెరాయిడ్ పని మాత్రం పూర్తవుతుంది.

2018లోనే ఇలాంటి 14 స్టెరాయిడ్ క్రీములను చీటీ లేకుండా అమ్మకూడదని కేంద్రం ఉత్తర్వు ఇచ్చింది. అయినా అడగ్గానే దొరుకుతున్నాయి.

ఇప్పుడు వేపచెట్టుగారి మాటకు వస్తాను. మధ్యలో మామూలు చర్మం కనపడటం తామర వైపు చూపిస్తుందన్నది నిజం. కానీ అది తగ్గుముఖం కాదు. ఈ ఫంగస్ చర్మంలో పైపొర, చచ్చిన కెరాటిన్ పొర తిని బతుకుతుంది. ఒకచోట మొదలై చుట్టూ బయటికి పాకుతుంది. ఎండుగడ్డి బీడుకు మధ్యలో నిప్పంటుకుంటే మంట ఎప్పుడూ అంచునే ఉండి, లోపల ఆరిపోయినట్టు కనపడుతుంది చూడండి, అలా. కాబట్టి మధ్య చల్లబడిందంటే అంచు ముందుకు నడుస్తోందని అర్థం. ఆ అంచు మీదే ఎరుపు, చిన్న చిన్న గుల్లలు, సన్నటి తెల్లపొట్టు ఉంటాయి. మన రంగు చర్మంలో ఎరుపు ఎర్రగా కనపడాలని లేదు, ముదురు గోధుమరంగుగానో ఊదాగానో ఉంటుంది. ఎరుపు లేదు కాబట్టి తామర కాదనుకోవడం ఇక్కడ తరచూ జరిగే పొరపాటు.

నాణెంలాంటి ఎగ్జిమాలో దీనికి తిరగబడి ఉంటుంది. మధ్యా అంచూ ఒకే తీరు. మొత్తం పొక్కు, మొత్తం పొట్టు, కొత్తగా ఉంటే చిన్న నీటిగుల్లలు, రసి. ఎక్కువగా పిక్కల మీద, ముంజేతుల మీద. మీ రెండో ఫోటో ప్రస్తుతానికి దానికి దగ్గరగా ఉంది. ఒకే మనిషికి రెండూ ఉండొచ్చు, అందులో వింతేమీ లేదు.

రేపటి ఫోటో వచ్చాక మిగతాది మాట్లాడదాం. క్రీము ఈ రాత్రి నుంచే ఆపేయండి. ఆపిన నాలుగైదు రోజుల్లో దురదా ఎరుపూ ఒక్కసారిగా ఎగుస్తాయి, భయపడి మళ్ళీ అదే రాయొద్దు.

గూడూరు_నిమ్మకాయ · ఆదివారం, రాత్రి 9:45

డాక్టరుగారూ, ఒక్క విషయంలో నాకు కుదరట్లేదు. మా అత్తకు పిక్క మీద నాణెం సైజువి మూడు వచ్చాయి. గుండ్రంగా ఉన్నాయని ఆరు వారాలు ఫంగస్ మందులే వాడించారు, మాత్రలతో సహా. ఏమీ తగ్గలేదు. చివరికి ఎగ్జిమా అని తేలింది. అందులో ఒకదానికి మధ్యలో బాగైపోయి అంచు మాత్రమే మిగిలింది. మరి మధ్యలో బాగుంటే తామర అన్న మాట నిలబడదు కదా?

తోలు_డాక్టరు · సోమవారం, ఉదయం 6:30

నిలబడదు, ఆ ఒక్క గుర్తు మీద ఎప్పుడూ నిలబడదు. పాతబడిన నాణెం ఎగ్జిమా మానేటప్పుడు మధ్యలో ముందు మానొచ్చు. తేడా అంచులోనే చూడాలి. తామర అంచును వేలితో తడిమితే దారం పెట్టినట్టు సన్నగా తగులుతుంది, బయటి వైపు ఠక్కున ఆగుతుంది. ఎగ్జిమా అంచు మందంగా ఉండి మెల్లగా మామూలు చర్మంలో కలిసిపోతుంది.

నడకను కూడా చూడాలి. బాల్‌పెన్నుతో అంచు వెంబడి గీత గీసి వారం తర్వాత చూస్తే, మందు వాడని తామర గీత దాటి బయటికి వస్తుంది. ఎగ్జిమా చాలాసార్లు ఉన్నచోటే ముదురుతుంది. స్నానాలకు గీత చెరుగుతుంది, మీరే మళ్ళీ దిద్దుకోవాలి.

సబ్‌సెంటర్_అక్క (కొండాపురం వైపు) · సోమవారం, ఉదయం 7:15

మధ్యలో మామూలుగా, అంచు లేచి ఉన్న మచ్చ అనగానే మాకు ముందు గుర్తొచ్చేది వేరే. కుష్ఠు సర్వేకు ఇంటింటికీ తిరిగినప్పుడు ఇలాంటి మచ్చలు చూపించి తామరే అని కొట్టిపారేస్తారు. అమ్మాయ్, ఒకసారి ఆయన్ని కళ్ళు మూసుకోమని, దూది కొసను సన్నగా లాగి మచ్చ మధ్యలో, తర్వాత మంచి చర్మం మీద తాకించి, ఎక్కడ తాకిందో వేలితో చూపించమను. మచ్చ మీద తాకినా తెలియకపోతే వెంటనే పీహెచ్‌సీకి తీసుకురా. దానికి మందులు ఉచితం, పూర్తిగా నయమవుతుంది. దాచుకోకుండా వస్తే చాలు.

మామూలుగా దానికి ఇంత దురద ఉండదు. పొట్టు కూడా ఇంత రాలదు. అయినా చూడ్డం మంచిది.

తోలు_డాక్టరు · సోమవారం, ఉదయం 7:40

మంచి మాట చెప్పావమ్మా. ఇది నేను రాయాల్సింది, నువ్వు ముందు రాశావు.

గుంటగట్టు_ఇల్లాలు · సోమవారం, ఉదయం 10:30

అక్కా, దూదితో చూశాను. మచ్చ మీదా బయటా రెండుచోట్లా సరిగ్గానే చూపించారు. పైగా చక్కిలిగిలి పెడుతున్నావని నవ్వారు.

డాక్టరుగారూ, మీరు చెప్పినట్టు స్నానం అయ్యాక కిటికీ దగ్గర తీశాను. మూడు ఫోటోలు. నిన్నటిదాంట్లో లేనివి ఇందులో కనపడ్డాయి. నడుం మచ్చకు ఒక వలయం కాదు, లోపల ఇంకో సగం వలయం ఉంది. బయటి అంచు మీద తెల్లగా పిండి చల్లినట్టు పొట్టు. వెనక వైపు, పిర్ర పైభాగంలో చిన్నది ఇంకోటి బయటపడింది, దాని గురించి ఆయన నాతో అనలేదు. తొడ సందులో కూడా ఉందట. ఫోటో తీయనివ్వలేదు.

తోలు_డాక్టరు · సోమవారం, మధ్యాహ్నం 1:50

ఇప్పుడు ఫోటో మాట్లాడుతోంది. వలయంలో వలయం అన్నది స్టెరాయిడ్ రాసి ఆపి, రాసి ఆపి చేసినవాళ్ళలో తరచూ చూస్తాం. ఒకసారి అణచినప్పుడు మధ్యలో మిగిలిపోయిన ఫంగస్, ఆపగానే మళ్ళీ అక్కడి నుంచి కొత్త అలగా బయలుదేరుతుంది. మొదటి అల ముందు పోతూ ఉంటుంది, రెండోది వెనక వస్తుంది. మీ మొదటి ఫోటోలో అంచు అంత మసకగా ఎందుకుందో కూడా దీనితో తెలిసింది. స్టెరాయిడ్ కింద తామర తన ఆకారాన్నే పోగొట్టుకుంటుంది. పొట్టు తగ్గుతుంది, అంచు చదునవుతుంది, చూడ్డానికి ఎగ్జిమాలా తయారవుతుంది. దాన్ని చూసి ఇంకొకరు ఎగ్జిమా అని ఇంకా ఘాటు స్టెరాయిడ్ రాస్తారు.

నడుం, పిర్ర, తొడ సందు మూడూ ఒకే గొలుసులో ఉన్నాయి కాబట్టి తామర అని నా ఉద్దేశం. తడి లుంగీతో రోజంతా ఉండేవాళ్ళలో ఈ దారి మామూలే. కాలిది మాత్రం ఫోటో చూసి నేను తేల్చను. దానికీ స్టెరాయిడ్ పడింది, కాబట్టి ఆకారాన్ని నమ్మలేం. పొట్టు గీకి తీసి, స్లైడు మీద పెట్టి మైక్రోస్కోపులో చూడాల్సిందే.

స్లైడు_కింద (నెల్లూరు, ల్యాబ్) · సోమవారం, రాత్రి 8:20

ఆ స్లైడు పరీక్షను కేఓహెచ్ అంటాం, దాని గురించి నేను చెప్తాను, రోజూ చేసే పనే. చర్మం మీద మొద్దు బ్లేడుతో పొట్టు గీకుతాం, నొప్పి ఉండదు. ఎక్కడ గీకుతామన్నదే సగం పరీక్ష. పేషెంట్లు మచ్చ మధ్యలో చూపిస్తారు, అక్కడ గీకితే ఏమీ దొరకదు. పొట్టు లేచిన అంచు మీదే గీకాలి. మీ ఆయనకు బయటి వలయం మీదా, వెనక కొత్తగా లేచిన చిన్నదాని మీదా తీయమని అడగండి.

ఆ పొట్టు మీద 10 శాతం పొటాషియం హైడ్రాక్సైడ్ చుక్క వేసి కవర్ స్లిప్ పెడతాం. కొంచెంసేపటికి చర్మకణాలు కరిగి పల్చబడతాయి, ఫంగస్ పోగులు కరగవు. మైక్రోస్కోపులో అవి కణాల హద్దులు లెక్కచేయకుండా అడ్డంగా పోయే కొమ్మల్లా కనపడతాయి, మధ్యమధ్యలో గదుల్లా అడ్డుగీతలుంటాయి. కొత్తవాళ్ళు కణాల అంచులనే పోగులనుకుని పాజిటివ్ రాసేస్తారు. ఫోకస్ పైకీ కిందికీ తిప్పితే తేలిపోతుంది.

ఒక చిక్కు ఉంది. మీరు వాడిన ట్యూబులో ఫంగస్ మందు కూడా ఉంది. అది రాస్తూ ఉండగా వస్తే నెగెటివ్ వచ్చే అవకాశం ఎక్కువ. కనీసం ఓ వారం ఏమీ రాయకుండా రండి. వచ్చే రోజు కొబ్బరినూనె కూడా వద్దు.

వేపచెట్టు_కింద · సోమవారం, రాత్రి 9:00

ఇంత తతంగం ఎందుకండీ. ఫంగస్ మందు వాడి చూస్తే సరి. తగ్గితే తామర, తగ్గకపోతే ఎగ్జిమా. మా ఊళ్ళో ఆర్‌ఎంపీ అంతే చేస్తాడు.

గూడూరు_నిమ్మకాయ · సోమవారం, రాత్రి 9:12

అదే చేసే మా అత్తకు ఆరు వారాలు పోయాయి సార్.

తోలు_డాక్టరు · మంగళవారం, ఉదయం 6:45

వేపచెట్టుగారూ, పదేళ్ళ కిందట మీ మాట కొంతవరకు నడిచేది. ఇప్పుడు నడవదు. మన దేశంలో ఇప్పుడు ఎక్కువగా తిరుగుతున్నది ట్రైకోఫైటాన్ ఇండోటినియే అనే రకం. టెర్బినఫిన్‌కు లొంగని గుణం దాంట్లో చాలావాటికి ఉంది. ఆ మందు ఫంగస్ లోపల ఒక ఎంజైమును పట్టుకుని ఆపాలి. వీటిలో ఆ ఎంజైము జన్యువే మారిపోయి మందుకు పట్టు దొరకట్లేదు. అంటే తామర అయి ఉండీ మందుకు తగ్గకపోవచ్చు. తగ్గలేదు కాబట్టి ఎగ్జిమా అని స్టెరాయిడ్ మొదలుపెట్టారనుకోండి, ఒళ్ళంతా పాకుతుంది. అందుకే ముందు స్లైడు.

గుంటగట్టు_ఇల్లాలు · తర్వాతి వారం, బుధవారం, సాయంత్రం 5:30

నెల్లూరులో స్కిన్ డాక్టరుకు చూపించాం. క్రీము ఆపాక మీరన్నట్టే నాలుగో రోజుకు భగ్గుమంది, రాత్రంతా కూర్చునే ఉన్నారు. చన్నీళ్ళ గుడ్డ వేసి, ఇక్కడ చెప్పిందే గుర్తుచేసి ఆపాను. దురదకు సెటిరిజిన్ ఒకటి పీహెచ్‌సీలో ఇచ్చారు.

రిపోర్టు: నడుం అంచు పాజిటివ్, వెనక చిన్నది పాజిటివ్. కాలిది నెగెటివ్.

అంచు మీద పెన్నుతో గీసిన గీత కూడా చూపించాను. క్రీము ఆపిన వారంలో ఒక పక్క గీత దాటి వేలి మందం బయటికొచ్చింది. కాలి మీద గీసిన గీత గీసినచోటే ఉంది. డాక్టరమ్మ ఫోన్‌లో ఫోటో తీసుకుంది.

ఇట్రాకొనజోల్ 100 మిల్లీగ్రాములు రెండు పూటలా రాశారు, నాలుగు వారాల తర్వాత చూసి పొడిగిస్తామన్నారు. పైకి లులికొనజోల్. కాలికి మాత్రం ప్రస్తుతం ఉత్త మాయిశ్చరైజరే, స్టెరాయిడ్ ఇప్పుడే వద్దన్నారు. ఎగ్జిమా అంటూనే మందివ్వలేదేమిటి?

చర్మం_పీజీ · బుధవారం, సాయంత్రం 7:05

కాలిది వేరే ఎగ్జిమా కాకపోవచ్చని నా అనుమానం. ఒంట్లో ఒకచోట ఫంగస్ రగులుతున్నప్పుడు దానికి ప్రతిచర్యగా దూరంగా ఇంకోచోట ఎగ్జిమాలాంటిది లేస్తుంది, అక్కడ ఫంగస్ ఉండదు. అలాంటిదైతే నడుందానికి మందు పడగానే ఇదీ దానంతటదే పోతుంది. మీ డాక్టరుగారు ఆగి చూస్తున్నది అందుకే అయి ఉండొచ్చు.

స్లైడు_కింద · బుధవారం, రాత్రి 8:10

నేను అంత దూరం పోను. నెగెటివ్ అంటే లేదని కాదు, దొరకలేదని. రసి కారే చోట గీకితే పొట్టు సరిగ్గా రాదు. ఇంకోసారి, ఎండిన చోట తీసి చూడాలి, వీలైతే కల్చర్‌కు కూడా వేయాలి. కల్చర్‌కు మూడు నాలుగు వారాలు పడుతుంది, అన్ని ల్యాబుల్లో చేయరు.

తోలు_డాక్టరు · బుధవారం, రాత్రి 9:30

పీజీగారు చెప్పిన ప్రతిచర్య సాధారణంగా చేతులూ వేళ్ళ పక్కల నీటిగుల్లలుగా వస్తుంది. పిక్క మీద ఒక్క మచ్చగా, అదీ నడుందానికంటే ముందు నుంచీ వస్తూ పోతూ ఉన్నదంటే నాకు మామూలు నాణెం ఎగ్జిమాయే అనిపిస్తోంది. గుంటల నీళ్ళలో రోజూ నానే కాలు మరి. అయితే స్లైడు_కిందగారి సందేహాన్ని కొట్టేయను. మందివ్వకుండా ఉంచడంలో ఉన్న లాభం అదే. తామర అయితే ఈ మాత్రలకే తగ్గుతుంది. ప్రతిచర్య అయితే దానంతటదే పోతుంది. రెండూ కాక అలాగే మిగిలితే అప్పుడు స్టెరాయిడ్ ఇచ్చినా భయం ఉండదు, ఎందుకంటే అప్పటికి ఫంగస్ అణగి ఉంటుంది. పోతుందా, మిగులుతుందా అన్నది నాలుగు వారాలకు కాలే చెప్తుంది.

ఇట్రాకొనజోల్ మాత్ర కాదు, క్యాప్సూల్ అయి ఉంటుంది. కడుపు నిండా అన్నం తిన్న వెంటనే వేయండి. గ్యాస్ మాత్ర అలవాటుంటే డాక్టరుకు చెప్పండి, కడుపులో ఆమ్లం తగ్గితే ఈ మందు సరిగ్గా ఒంటికి పట్టదు. గుండె జబ్బు గానీ, కొలెస్ట్రాల్ మాత్రలు గానీ ఉంటే అదీ చెప్పండి, కొన్నిటితో కలవకూడదు. పైన రాసే క్రీము అంచు మీద ఆపకుండా అంచు దాటి రెండు వేళ్ళ వెడల్పు బయటిదాకా రాయాలి. కంటికి కనపడని అంచు అక్కడుంటుంది.

చీమకుర్తి_రాయి · గురువారం, ఉదయం 8:00

తగ్గిందో లేదో ఎట్టా తెలుస్తుంది? నాకు బకిల్ మచ్చ పోయాక కూడా ఆర్నెల్లు నల్లగా ఉండిపోయింది. ఇంకా ఉందేమోనని రాస్తూనే ఉన్నాను.

తోలు_డాక్టరు · గురువారం, మధ్యాహ్నం 1:15

నలుపు జబ్బు కాదు, మానిన చోట మిగిలే రంగు. మన చర్మంలో నెలల తరబడి ఉంటుంది. చూడాల్సింది అంచులో పొట్టు ఉందా, వేలికి దారంలా తగులుతోందా, దురద ఉందా అని. ఈ మూడూ పోయి నలుపు మాత్రమే ఉంటే మందు పనిచేసినట్టు. అలాగని ఆ రోజే ఆపేయకూడదు, డాక్టరు చెప్పినన్నాళ్ళు వాడాలి. పెన్ను గీత ఇక్కడ కూడా పనికొస్తుంది, ఈసారి గీత లోపలే ఉండిపోవాలి.

గుంటగట్టు_ఇల్లాలు · శనివారం, ఉదయం 9:20

నడుం దగ్గర పొట్టు తగ్గింది, దురద సగానికి పడింది. కాలిది ఉన్నట్టే ఉంది.

ఇంకో సంగతి. ఈ చర్చ చదివి నిన్న పిల్లలిద్దరినీ కిటికీ దగ్గర నిలబెట్టి చూశాను. చిన్నోడికి మెడ వెనక బఠాణీ గింజంత వలయం, మధ్యలో బాగానే ఉంది, అంచు మీద పొట్టు. నాన్న తువ్వాలే వీడూ వాడతాడు. ఆ లులికొనజోల్ ట్యూబే వీడికీ రాయొచ్చా?

సబ్‌సెంటర్_అక్క · శనివారం, ఉదయం 9:50

తువ్వాళ్ళు ఇవాళే వేరు చెయ్యి. ఆయన లుంగీలు, డ్రాయర్లు విడిగా వేణ్ణీళ్ళలో ఉతికి మంచి ఎండలో తిరగేసి ఆరెయ్యి. గుంట నుంచి రాగానే తడి లుంగీ మార్చుకోమను.

తోలు_డాక్టరు · శనివారం, ఉదయం 11:30

పిల్లాడి వయసు చెప్పలేదు. తండ్రి ట్యూబు రాయకండి, మీ డాక్టరమ్మకే చూపించండి. ముందు ఒక్క పని చేయండి: మెడ వెనక నుంచి పైకి వెంట్రుకల్లోకి పాయలు తీసి చూడండి. ఎక్కడైనా జుట్టు పొట్టిగా విరిగి, పొట్టు రాలుతూ ఉందా? తలలోకి పోతే పైపూత చాలదు, మాత్రలే వాడాలి, అదీ వాడి బరువును బట్టి. నూనె పెట్టకుండా తీసుకెళ్ళండి.

గుంటగట్టు_ఇల్లాలు · శనివారం, మధ్యాహ్నం 12:10

ఆరేళ్ళండీ. చెవి వెనక ఒకచోట జుట్టు పల్చగా ఉంది, పొట్టు ఉందో లేదో సరిగ్గా తెలియట్లేదు. సోమవారం తీసుకెళ్తున్నా.